వాన చీటీ ఫైలు

మా మండలం పేరు చెప్పను. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో ఎక్కడో ఉందనుకోండి, చాలు. పేరు చెబితే అదొక కాగితం అవుతుంది, కాగితమైతే దానికి నంబరు పడుతుంది, నంబరు పడ్డ కాగితం మనిషిని ఎంత దూరం తరుముతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా పేరు రాఘవేందర్. తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. ముప్పై ఏళ్లుగా నంబర్లు వేయడమే నా పని.

మా ఆఫీసు వెనక, పాడుబడ్డ బోరు పక్కన, చుట్టూ ముళ్లతీగ కట్టిన చిన్న జాగాలో వాన కొలిచే డబ్బా ఉంది. రెయిన్ గేజు అంటారు. పైన గరాటు, లోపల సీసా, వేరే గీతలున్న గాజు గ్లాసు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో రాసి జిల్లాకు పంపాలి. ఆ పని అటెండరు రేణుకమ్మది. ఆమె భర్త ఇదే ఆఫీసులో పనిచేస్తూ చనిపోతే ఉద్యోగం ఈమెకిచ్చారు. ఇంట్లో సంపాదన అదొక్కటే. చదువుకుంటున్న కూతురు శ్రీజ, మంచంలో ఉన్న అత్త, ఇద్దరూ ఈ జీతం మీదే. పన్నెండేళ్లలో ఆమెకు ఎనిమిదిన్నర ఎప్పుడూ ఎనిమిదీ ముప్పై ఒకటి కాలేదు. మా ఆఫీసులో వేళకు జరిగే పని అదొక్కటే కాబట్టి మేమంతా దాన్ని కొంచెం వింతగానే చూసేవాళ్లం.

వాన చీటీ మొదలై ఇది ఏడో సంవత్సరం. మొదలుపెట్టింది సర్వేయర్ సాబిర్. భూములు కొలిచి కొలిచి విసుగెత్తి ఆకాశం మీద పడ్డాడు. ఒక జూన్ ఆఖర్లో ఫ్యాన్ కింద కూర్చుని అన్నాడు, "భాయ్, జూలై మొత్తం మన గేజుల ఎన్ని మిల్లీమీటర్లు పడ్తయో చెప్పు. నేను వంద పెడ్త. దగ్గరికి ఎవరొస్తే పైసలు వాళ్లయి."

తొమ్మిది మందిమి తలా వంద పెట్టాం. ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు, తిన్న మిర్చీ బజ్జీలు గుర్తున్నాయి. అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ మేము రెవెన్యూ వాళ్లం. డబ్బు చేతులు మారితే కాగితం ఉండాలన్నది మా రక్తంలో ఉంది. మరుసటి ఏడు నేను దానికి ఒక ఫైలు తెరిచాను.

నవ్వకండి. నోట్ షీటు, చందాదారుల జాబితా, రసీదులు, నిబంధనలు, జూన్ ముప్పైన జరిగే సమావేశం మినిట్స్, అన్నీ ఎర్ర నాడాతో కట్టి ఉంచాను. మా ఆఫీసులో పట్టా మార్పిడి ఫైలు ఒకటి అడిగితే మూడు నెలలు దొరకదు. వాన చీటీ ఫైలు అడిగితే మూడు నిమిషాల్లో టేబుల్ మీద ఉంటుంది. నా సర్వీసులో ఇంత శుభ్రంగా నడిపిన ఫైలు ఇంకోటి లేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ నిజం.

నాలుగో నిబంధన నా స్వంతం. "వసూలైన మొత్తంలో ఎవరూ ఒక్క రూపాయి కమీషను తీసుకోరాదు." దానికొక కారణం ఉంది. వనపర్తి కోర్టులో వకీలు అనంతయ్య నాకు చిన్ననాటి స్నేహితుడు. పేకాట కేసుల్లో ఆయనది పెద్ద చెయ్యి. ఒకసారి చాయ్ తాగుతూ చెప్పాడు: స్నేహితులు ఒక ఇంట్లో కూర్చుని ఆడుకుంటే, ఆ ఇంటాయన ఆట మీద కమీషనో అద్దెనో తీసుకోకపోతే, అది జూదశాల కిందికి రాదని. ఆ మాట పట్టుకుని నేను నాలుగో నిబంధన రాశాను. ఏటా అందరితో దాని కింద పొట్టి సంతకాలు పెట్టించాను.

పొట్టి సంతకాల సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్ద గుమాస్తా నాకు నేర్పిన మొదటి పాఠం అదే. పొట్టి సంతకం ఎవరిదో ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే నువ్వు జవాబు చెప్పుకోవాలి అన్నాడు. అందుకని నా సంతకం కోడి గెలికినట్టు ఉంటుంది. సాబిర్‌ది వానపాము. తహసీల్దారు గారిది ఒక గీత, దాని మీద ఒక చుక్క. మా ఫైల్లో పూర్తి పేరు రాసే మనిషి ఒక్కతే. రేణుకమ్మ. కూడబలుక్కుంటూ, నాలుక కొంచెం బయటపెట్టి, ప్రతి అక్షరం రాస్తుంది.

ఆమె పేరు ఆ ఫైల్లోకి ఎందుకొచ్చిందంటే నా వల్లే. జూలైలో ప్రతిరోజూ వాన రిజిస్టరులోని లెక్క ఒక కాగితం మీద ఎక్కించి, "అసలుతో సరిచూడబడినది" అని రాసి, కింద ఆమెతో సంతకం పెట్టించి ఫైల్లో పెట్టేవాణ్ణి. మొదటి ఏడు ఆమె అడిగింది, "ఇది దేనికి సార్?"

"ఆఫీసు పని," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. ఒక్క చీటీ కూడా ఎప్పుడూ కొనలేదు. సాబిర్ ఎంత సతాయించినా, "కొలిచేటోల్లు పందెం కాయొద్దు సార్," అనేది. అదేదో గొప్ప కోసం అన్నదనుకుని నవ్వుకునేవాళ్లం.

చీటీ ఏటా పెరిగింది. పక్కనున్న ఎంపీడీఓ ఆఫీసు వాళ్లొచ్చారు. తర్వాత చాయ్ హోటలు, తర్వాత పాస్‌పుస్తకాల కోసం వచ్చి కూర్చునే రైతులు, తర్వాత పోలీసు స్టేషన్ హెడ్ కానిస్టేబుల్. ఈ ఏడు నూట నలభై మూడు చీటీలు. మా ఫైల్లో పద్నాలుగు వేల మూడు వందలు. బయట దీన్ని చూసి వేరే పందేలు ఎంత నడిచాయో నాకు తెలియదు. తెలిసినా నాది కాదనుకున్నాను.

ఆ బయటివాళ్లలో ఎరువుల దుకాణం వెంకట్రాములు ఒకడు. మా దగ్గర ఒకే చీటీ కొన్నాడు, ఎనభై అయిదు మిల్లీమీటర్లు అని. పత్తి గింజల వ్యాపారి ఒకాయనతో మాత్రం వేరేగా యాభై వేలు కాశాడట, అదే అంకె మీద.

జూలై అంతా ఎండిపోయింది. ముప్పై ఒకటో తేదీ పొద్దున కొలతతో కలిపి మొత్తం అరవై ఒకటి పాయింట్ ఎనిమిది. దానికి అందరికన్నా దగ్గరగా అరవై రెండు అని రాసినవారు మా తహసీల్దారు గారు. ఆఫీసు మొత్తం ఆయన వాతావరణ జ్ఞానాన్ని మెచ్చుకుంది. ఆ సాయంత్రం నాలుగు గంటలకు మబ్బు కమ్మింది. అయిదుకల్లా కుండపోత. అరగంట కొట్టి, తర్వాత తెల్లారేదాకా తుంపర పడింది.

ఆగస్టు ఒకటి పొద్దున నేను ఆఫీసుకు పోయి కిటికీ తెరిచేసరికి ముళ్లతీగ పక్కన వెంకట్రాములు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రేణుకమ్మ గ్లాసు కళ్లెదుట పెట్టుకుని గీత చూసింది. ఇరవై మూడు పాయింట్ నాలుగు.

వెంకట్రాములు వేళ్లమీద లెక్కబెట్టాడు. "అరవై ఒకటీ ఎనిమిది, ఇరవై మూడూ నాలుగు. ఎనభై అయిదూ రెండు. నా చీటీ ఎనభై అయిదు. అయిపాయె. నేనే గెలిచిన."

"ఇది జూలైది కాదు సేట్," అంది రేణుకమ్మ, రిజిస్టరు తెరుస్తూ. "నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇయ్యాల ఎనిమిదిన్నర దాంక పడ్డదంత ఇయ్యాల తారీకు కింద రాయాలె. ఆగస్టు ఒకటి."

"ఏం మాట్లాడ్తున్నవమ్మా. నిన్న సాయంత్రం నా దుకాణం ముంగట మోకాళ్ల లోతు నీళ్లు. నా కండ్లతోని చూసిన."

"మీరు చూసింది అబద్ధం అంటలేను. రూలు గట్ల ఉంది."

"రూలు నువ్వు రాస్తేనే గద రూలు. జర ముప్పై ఒకటి కింద రాయి. అయిదు వేలు ఇప్పుడే ఇస్త. రెండు సంచుల యూరియా ఇంటికి పంపిస్త."

"నాకు చేను లేదు సేట్," అంది ఆమె. ఆగస్టు ఒకటి అని రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు మూసింది.

రూలు ఆమె చెప్పిందే. దేశమంతా వాన లెక్క అట్లాగే రాస్తారు. కానీ వెంకట్రాములుకి అక్కడ కనిపించింది రూలు కాదు, తహసీల్దారు గారిని గెలిపించడానికి అటెండరు చేసిన మోసం. లోపలికొచ్చి నా టేబుల్ గుద్దాడు. నేను అయిదో నిబంధన చూపించాను: "అధికారిక రిజిస్టరు లెక్కయే తుది." ఆయన నన్నూ నా నిబంధననూ కలిపి ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను.

అక్కడి నుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కు పోయాడు. మీకు నమ్మకం కలగదు, కానీ ఆయన తెలివి అంతే. పందెంలో గెలిచిన డబ్బు అప్పు లాంటిదనీ, ఎగ్గొడితే పోలీసులు వసూలు చేసిపెడతారనీ అనుకున్నాడు. ఎస్సై నాగేశ్ కొత్తవాడు, పుస్తకం చదివే రకం. ఆయన వెంకట్రాములుని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "మొత్తం రాయి సేట్, ఏం వదలకు," అన్నాడట. వెంకట్రాములు మూడు పేజీలు రాశాడు. మా చీటీ, ఫైలు, నూట నలభై మూడు మంది, తన యాభై వేలు, అన్నీ రాశాడు. తలగోక్కోవడానికి కొరివి దొరికిందాయనకు.

మూడో రోజు పదకొండున్నరకు ఎస్సై పై అధికారి సంతకమున్న సోదా వారెంటుతో వచ్చాడు. రాగానే ఆయనకు ఒక చిక్కొచ్చింది. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. మామూలుగా పోలీసులకు సాక్షులు కావలసినప్పుడల్లా మా ఆఫీసు నుంచే మనుషులు పోతారు. ఇప్పుడు ఆఫీసులో ఉన్నవాళ్లందరూ చీటీ కొన్నవాళ్లే. ఎంపీడీఓ ఆఫీసూ అంతే. చాయ్ హోటలాయన చీటీ నంబరు పన్నెండు. ఎస్సై వెనక్కి తిరిగి హెడ్ కానిస్టేబుల్‌ని పిలిచాడు. ఆయనది యాభై ఏడు. ఆయన అప్పటికే జీపు వెనక్కి పోయి టైరు గాలి చూస్తున్నాడు. చివరికి బస్టాండు దగ్గర అచ్చంపేట బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు టీచర్లను బతిమాలి తెచ్చారు.

నాకు భయం వేయలేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం పొంగిపోయాను. నా ఫైలు చూడటానికి ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడు.

"ఎస్సై గారూ, అంతా పద్ధతి ప్రకారం ఉంది," అని నేనే ఫైలు తీసి ఆయన చేతిలో పెట్టాను. "నాలుగో నిబంధన చూడండి. ఒక్క రూపాయి కమీషను లేదు. స్నేహితుల మధ్య సరదా. అందరి సంతకాలున్నాయి."

ఆయన నిదానంగా పేజీలు తిప్పాడు. ఆరేళ్ల జాబితాలు, రసీదులు, మినిట్స్. ఒక్కచోట ఆగి, "బజ్జీల ఖర్చు పదమూడు వందలు గెలిచిన మొత్తంలకెల్లి తీసిండ్రా?" అని అడిగాడు.

"అది కమీషను కాదు సార్, బజ్జీలు," అన్నాడు సాబిర్.

"కమీషను ఉన్నా లేకున్నా ఫరక్ లేదు." ఎస్సై జేబులోంచి సన్నటి పుస్తకం తీశాడు. గేమింగ్ చట్టం. "మీరు చెప్పేది పేకాట అసొంటి ఆటలకు. అండ్ల జాగ పెట్టినాయనకు లాభం ఉంటేనే అది జూదశాల. కానీ కొన్నిటికి చట్టం వేరే లెక్క పెట్టింది. పత్తి ధర, షేర్ల ధర, ఇంకా ఇదో వినుండ్రి. వాన పడుడు, పడకపోవుడు. వాన ఎంత పడ్డది. వీటి మీద పందెం నడిస్తె ఆ ఇల్లు, ఆ గది, ఆ జాగ, ఏదైనా సరే జూదశాలే. లాభం తీసుకున్నరా లేదా అన్న మాటే లేదు."

నేను నాలుగో నిబంధన మీద పెట్టిన వేలు తీశాను.

సాబిర్‌కి మాత్రం ఇంకొక దారి తోచింది. "సార్, వాన అందాజ చెప్పుడు తెలివి సార్. మా తాత చీమలను చూసి చెప్తుండె. తెలివితోని ఆడే ఆట జూదం కాదంటరు గద."

"ఆ మినహాయింపు మన రాష్ట్రంల రెండు వేల పదిహేడులనే తీసేసిండ్రు," అన్నాడు ఎస్సై. "మీ తాతకు చెప్పుండ్రి."

ఈ భూమ్మీద పందెం కాయడానికి ఎన్ని లేవు. ఎవరికి బదిలీ అవుతుంది, ఎవరికి పిల్ల పుడుతుంది, కరెంటు ఎన్ని గంటలకొస్తుంది. మేము పోయి పోయి చట్టం పేరుపెట్టి వద్దన్న దాని మీదే కాసి, ఆరేళ్లు దానికి రసీదులిచ్చాం.

తర్వాత ఎస్సై వెనక్కి పోయి గేజు విప్పించాడు. జూదంలో వాడిన సాధనమట. గరాటు, సీసా, గ్లాసు, మూడూ తెల్లగుడ్డలో చుట్టి లక్క ముద్ర వేశారు.

రేణుకమ్మ అప్పటిదాకా మూల నిలబడి ఉంది. అప్పుడొచ్చింది. "సార్, గది గవర్నమెంటుది. రేపు పొద్దున ఏంట్ల కొలవాలె?"

ఎస్సై ఆమెను చూశాడు, ఫైలు చూశాడు. "నీ పేరేంది?"

"రేణుకమ్మ."

ఆయన మొదటి పేజీకి తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆయన చూస్తున్నది ఏమిటో నాకు తెలిసింది. ఆడినవాళ్లకు ఒక సెక్షను, నాలుగు. నడిపినవాళ్లకు, నడపడానికి సాయం చేసినవాళ్లకు ఇంకొకటి, మూడు. ఆ మూడే బరువైనది. నడిపింది ఎవరో ఫైలు చెప్పాలి. కోడి గెలికిన గీతలు, వానపాములు, ఒక గీత మీద చుక్క. వాటి మధ్య ప్రతి జూలైలో ముప్పై ఒక్క సార్లు, ఆరేళ్లుగా, ఒకే ఒక్క పూర్తి పేరు.

"నడిపేది ఎవరు?" అని అడిగాడు ఎస్సై.

దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాం అందరం. నేను కూడా. నా ఫైలు అది, నేనే ముచ్చటపడి ఆయన చేతిలో పెట్టాను, ఆ ప్రశ్న వినగానే నా కళ్లు కిటికీ బయటికి పోయాయి. ఆ మాట చెప్పుకోకుండా ఈ కథ చెప్పడం దొంగతనం అవుతుంది.

ఆ సాయంత్రం వనపర్తి పోయాను. అనంతయ్య నా మాటలు సగం విని తలపట్టుకున్నాడు.

"నువ్వే గదరా చెప్పింది, కమీషను లేకుంటె జూదశాల కాదని," అన్నాను.

"పేకాటకు చెప్పిన. వాన మీద కాస్తవని నాకెట్ల తెల్వాలె? నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసుల వాన కేసు ఇదే మొదటిది." కొంచెం సేపు పుస్తకం తిరగేశాడు. "పిల్లగాడు కరెక్టే చదివిండు. వేరే దేని మీదన్న మీల మీరు కాసుకుంటె వాదించేటోణ్ణి. గప్పుడు గూడ సర్కారు ఆఫీసు గాబట్టి ఉద్యోగం రూల్స్ కింద తిప్పలుండె. సరే, మీ వెంకట్రాములు సంగతేంది?"

"యాభై వేలు ఇప్పించమంటున్నాడు."

"పందెం పైసలు ఏ కోర్టు ఇప్పియ్యదు. గా ఒప్పందమే చెల్లదు. పైంగ వాడు గూడ నిందితుడే." అనంతయ్య మొదటిసారి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు, "మొదటి ముద్దాయి, ఏ-వన్, ఎవరు?"

ఫైల్లో పూర్తి పేరున్నది రేణుకమ్మదొక్కటేనని చెప్పాను.

"శిక్ష పడితే ఆమె నౌకరి పోతది," అన్నాడు. "శిక్ష పడకున్నా, చార్జిషీటు పడంగనె సస్పెండ్ చేస్తరు. కేసు ఎన్నేళ్లు నడుస్తదో నీకు ఎరుకే."

మరుసటి రోజు జిల్లా నుంచి అందరికీ మెమోలొచ్చాయి. రాతపూర్వక సంజాయిషీ ఇవ్వాలి, మూడు రోజులు గడువు. తహసీల్దారు గారికి అంతకుముందే నడుము నొప్పి వచ్చి సెలవు మీద పోయారు. మిగిలినవాళ్లం రికార్డు రూములో కూర్చున్నాం. అందరి సంజాయిషీలు ఒకేలా ఉండాలని ఏకగ్రీవంగా అనుకున్నారు: చీటీ ఎవరు నడిపారో తెలియదు, సరదాగా వంద ఇచ్చాం.

"పాపం ఆమెకు ఏం గాదు భాయ్," అన్నాడు సాబిర్ నా మొహం చూసి. "ఆడమనిషి, భర్త లేడు. జడ్జి దయ చూపిస్తడు. మనలాంటోల్లకైతె చూపియ్యడు."

ఆ దయ మాట విని అందరికీ ప్రాణం కుదుటపడింది. రేణుకమ్మ కష్టాలన్నీ ఒక్కొక్కటే తీసి, ఆమెకు శిక్ష తగ్గడానికి పనికొస్తాయని లెక్కవేశారు. మంచంలో ఉన్న అత్త కూడా పనికొచ్చింది.

ఆ పొద్దునే ఇంకొకటి జరిగింది. రాత్రి జల్లు పడింది. ఎనిమిదిన్నరకు రేణుకమ్మ ఖాళీ ముళ్లతీగ దగ్గరికి పోయి, వానకు తడిసిన ఇటుకలు చూసి, వచ్చి నా టేబుల్ మీద రిజిస్టరు పెట్టింది. "వాన పడినది. కొలుచు డబ్బా పోలీసు స్టేషన్‌లో ఉన్నది" అని రాసి ఉంది. కింద పూర్తి సంతకం.

"గిట్ల రాస్తె తప్పయితదా సార్?"

"కాదు," అన్నాను.

ఆమె పోలేదు. "సార్, ఎస్సై సారు గా కాగితాలన్ని చూపిచ్చిండు. నావేనా అంటె నావే అన్న." రిజిస్టరు మీది తన సంతకం చూసింది. "మీరు ఆఫీసు పనే అన్నరు గద సార్."

తిట్టి ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. నేను రిజిస్టరు మూసి ఆమె వైపు జరిపాను. తీసుకుని పోయింది.

ఇక రికార్డు రూముకు వస్తాను. సంజాయిషీల ముచ్చట అయిపోయాక సాబిర్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆ మనిషికి రోగం పోలేదు.

"ఏ-వన్ ఎవరైతరు? తలా వంద. ఇది వాన గాదు, పత్తి గాదు. కమీషను లేదు. భాయ్, నీ వకీలే చెప్పిండంటివి గద, వాన గాకుంటె వాదించొచ్చని."

మీరు చెప్పండి, ఇలాంటివాళ్లను ఏం చేయాలి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆఫీసు మొత్తం నవ్వింది, పర్సులు బయటికొచ్చాయి. పదకొండు మంది వందలు తీశారు. పదకొండు మందీ రాసింది ఒకటే పేరు. అందరూ ఒకే పేరు రాస్తే పందెం ఎట్లా అవుతుందని సాబిర్‌కే అనుమానం వచ్చింది.

"భాయ్, నువ్వన్న వేరే రాయి. లేకుంటె మజా లేదు," అన్నాడు.

నేను వంద నోటు టేబుల్ మీద పెట్టాను. పెన్ను తీసి రాశాను. సాబిర్ చదివి నా వైపు చూశాడు.

"గిదేంది భాయ్. నీ పేరు రాసుకున్నవ్."

"తెలివితో ఆడే ఆట," అన్నాను.

నా సీటుకు పోయి సంజాయిషీ రాయడం మొదలుపెట్టాను. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని అనంతయ్య చాలాసార్లు చెప్పాడు. పై అధికారికి మన చేత్తో రాసిచ్చిన సంజాయిషీ మాత్రం చెల్లుతుందని కూడా చెప్పాడు, అది మెడకు ఉరితాడని. ఉద్యోగంలో మొట్టమొదటిసారి నేను నా పేరుతో వాక్యాలు రాశాను. ఫైలు నేనే తెరిచాను. నిబంధనలు నేనే రాశాను. డబ్బు నేనే వసూలు చేశాను. కోడి గెలికినట్టున్న పొట్టి సంతకాలన్నీ నావి, ఎన్ని పేజీల్లో ఉన్నాయో లెక్కపెట్టి రాశాను. రేణుకమ్మ తన డ్యూటీ ప్రకారం వాన కొలిచింది, ఎప్పుడూ చీటీ కొనలేదు, ఆ కాగితాల మీద ఆఫీసు పని అని అబద్ధం చెప్పి సంతకం పెట్టించింది నేను. ఆగస్టు ఒకటిన వెంకట్రాములు అయిదు వేలు ఇస్తానన్నా లెక్క మార్చలేదు, అది నేను కిటికీలోంచి విన్నాను.

కింద పూర్తి పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి అలవాటు తప్పింది. అక్షరాలు వంకరపోయాయి, మధ్యలో నాలుక బయటికొచ్చింది కూడా. ఒక ప్రతి జిల్లాకు పంపి, ఒక ప్రతి ఎస్సై చేతికిచ్చాను. ఆయన మొత్తం చదివి, "మీరు వకీలును అడిగిండ్రా?" అన్నాడు.

"అడిగితే వద్దంటాడు," అన్నాను.

ఇప్పుడు నేను సస్పెన్షన్‌లో ఉన్నాను. చార్జిషీటులో ఏ-వన్ రాఘవేందర్. ఏ-టూ సాబిర్, వానపాము దొరికిపోయింది. వెంకట్రాములు అరవై ఎనిమిదో నిందితుడు, ప్రతి వాయిదాకూ వచ్చి తన యాభై వేల సంగతి ఏమైందని అడుగుతాడు. రేణుకమ్మ సాక్షి. కోర్టు వాళ్లు గేజు వదిలిపెట్టమని ఆర్డరిచ్చారు. అది తిరిగొచ్చే లోపల మా మండలంలో పడ్డ వాన ఎంతో ఏ రిజిస్టరులోనూ లేదు.

మొన్న వాయిదా పదిన్నరకు. రేణుకమ్మ ఎనిమిదిన్నర కొలత అయ్యాకే బస్సెక్కి వచ్చింది. కోర్టు వరండాలో నా పక్కన కూర్చుని, అడగకుండానే చెప్పింది, "ఇయ్యాల పద్నాలుగూ రెండు సార్." నేను తల ఊపాను. ఆమె సంచిలోంచి సద్దరొట్టె తీసి సగం విరిచి నాకిచ్చింది.

సాబిర్ అటువైపు పోతూ మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. రికార్డు రూము పందెంలో పన్నెండు వందలు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. గెలిచింది నేనొక్కడినే. ఇంతవరకూ ఇవ్వలేదు. ఫిర్యాదు చేయడానికి మాత్రం నేను పోను.